క్లాసు మధ్యలో హెడ్‌ఫోన్స్ తెగిపోతుంటే: ముందు తెంపేది ఎవరో పట్టుకోండి

ప్రశ్న: మా పాపకి స్కూల్లో క్రోమ్‌బుక్ ఇచ్చారు. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ కొని కలిపాను. మొదటి పది నిమిషాలు బాగానే ఉంటుంది, తర్వాత క్లాసు మధ్యలో మాట తెగిపోతుంది. ఒక్కోసారి తెగదు గానీ టీచర్ గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుందట. బాబు ట్యాబ్‌తో వాడినా అంతే. హెడ్‌ఫోన్స్ మార్చాలా, ఇంకేమైనా చేయాలా?

సమాధానం:

ఇప్పుడే మార్చకండి. నేను ఒక బడిలో పిల్లల క్రోమ్‌బుక్‌లు, ట్యాబ్‌లు చూసుకునే పనిలో ఉన్నాను. "హెడ్‌ఫోన్స్ పాడైపోయాయి" అంటూ నా దగ్గరికి వచ్చేవాటిలో నిజంగా పాడైనవి తక్కువే. చాలావాటిలో హెడ్‌ఫోన్స్ తన పని తాను సరిగ్గానే చేస్తుంటుంది. పక్కనున్నది ఏదో దాన్ని లాగుతూ ఉంటుంది.

పిల్లలు "తెగిపోయింది" అని ఒక్క మాటే చెప్తారు. దాని కింద మూడు వేర్వేరు జబ్బులు ఉంటాయి, మూడింటికీ మందు వేరు. అందుకే ముందు పాపను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క క్లాసు మీరే వినండి. తెగిన క్షణంలో మూడు విషయాలు గమనించండి. హెడ్‌ఫోన్స్‌లో "డిస్‌కనెక్టెడ్" అనే మాటో, చిన్న కూతో వినిపించిందా? అదే సమయంలో తెర మీద టీచర్ బొమ్మ కూడా గడ్డకట్టిందా? మాట పూర్తిగా ఆగిందా, లేక చిటపటలాడుతూ ముక్కలు ముక్కలుగా వచ్చిందా?

బొమ్మ కూడా ఆగిపోయిందంటే అది హెడ్‌ఫోన్స్ గోల కాదు, ఇంటర్నెట్ గోల. ఇక్కడ చెప్పేవన్నీ చేసినా అది తగ్గదు. బొమ్మ సాఫీగా కదులుతూ మాట మాత్రమే ముక్కలైతే బ్లూటూత్ సిగ్నల్‌కి ఏదో అడ్డొస్తోంది. "డిస్‌కనెక్టెడ్" అని చెప్పి మరీ పోయినా, లేదా ఏ చప్పుడూ లేకుండా రెండు మూడు సెకన్లు మాట మాయమై మళ్ళీ వచ్చినా, నాకు ముందు అనుమానం వచ్చేది ఇంట్లో ఉన్న ఫోన్ మీద.

ఎందుకో చెప్తాను. కొత్త హెడ్‌ఫోన్స్ పెట్టె విప్పగానే మనం ఏం చేస్తాం? పనిచేస్తుందో లేదో చూద్దామని మన ఫోన్‌కి కలిపి ఒక పాట వింటాం. ఆ తర్వాతే పాపకి ఇస్తాం. మనం మర్చిపోతాం గానీ హెడ్‌ఫోన్స్ మర్చిపోదు. ఒకసారి జత అయిన పరికరాల పేర్లన్నీ దాని మెమరీలో ఉంటాయి. ఆన్ చేసిన ప్రతిసారీ చివరగా వాడిన పరికరం కోసం వెతుకుతుంది, అది దొరక్కపోతే మిగతావాటిలో ఎవరు పలికితే వాళ్ళ దగ్గరికి పోతుంది. క్రోమ్‌బుక్ మూత వేసి ఉంటే అది పలకదు. మీ జేబులోని ఫోన్ ఎప్పుడూ మెలకువగానే ఉంటుంది.

ఇప్పుడొచ్చే వాటిలో చాలావాటికి మల్టీపాయింట్ అనే సదుపాయం ఉంటోంది. అంటే ఒకేసారి రెండు పరికరాలతో కలిసి ఉండగలదు. ఆఫీసు పని చేసుకునేవాళ్ళకి అది వరం, బడి పిల్లలకి మాత్రం తలనొప్పి. ఫోన్‌లో మెసేజ్ వచ్చి టింగుమన్నా, ఎవరైనా చిన్న వీడియో తెరిచినా, హెడ్‌ఫోన్స్ ఆ చప్పుడు కోసం క్రోమ్‌బుక్‌ని పక్కనపెడుతుంది. కాల్ వస్తే సరేసరి, క్లాసు మొత్తం పక్కకి పోతుంది.

ఈ మధ్య తెలిసినవాళ్ళ అబ్బాయిది ఇలాంటి కేసే చూశాను. వివరంగా చెప్తాను, ఎందుకంటే అందులో ఒకటి కాదు, రెండు జబ్బులు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ఆరో తరగతి, క్రోమ్‌బుక్, చెవుల మీద పెట్టుకునే రకం హెడ్‌ఫోన్స్. ఉదయం 8 గంటలకి లెక్కల క్లాసు. వాళ్ళ నాన్న అప్పటికే హెడ్‌ఫోన్స్ ఒకసారి మార్పించుకున్నాడు, కొత్తదీ అలాగే తెగుతోంది. నేను ఏమీ ముట్టుకోకుండా ఒక కాగితం ఇచ్చి, తెగినప్పుడల్లా గడియారం చూసి టైం రాయమన్నాను. మొదటి రోజు 8:21, 8:24, 8:33, 8:34. రెండో రోజు 8:19, 8:27, 8:40. రెండు రోజులూ మొదటి ఇరవై నిమిషాలు దాదాపు శుభ్రంగా ఉంది.

8:20 ప్రాంతంలో ఆ ఇంట్లో ఏం జరుగుతుందని అడిగాను. ఎవరికీ ఏమీ తట్టలేదు. కాసేపాగి ఆ అబ్బాయే అన్నాడు, "అమ్మ వాకింగ్ నుంచి వచ్చేది అప్పుడే" అని. అమ్మ ఫోన్‌లో బ్లూటూత్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. ఆమె గుమ్మంలోకి రాగానే ఫోన్ హెడ్‌ఫోన్స్‌ని పట్టుకుంటోంది, అది మొదటి తెగుడు. మిగతా టైములు ఆమె ఫోన్‌లో వాట్సాప్ మెసేజీలు వచ్చిన టైములతో పోల్చి చూస్తే ఒకటీ అరా తప్ప అన్నీ సరిపోయాయి. పాత హెడ్‌ఫోన్స్ కూడా మొదట ఆమె ఫోన్‌కే కలిపి చూశారట. మార్చినా అదే కథ నడిచింది అందుకే.

కాబట్టి మీరూ ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. ముందుగా ఇంట్లో ఉన్న ప్రతి ఫోన్‌లో, ట్యాబ్‌లో, టీవీలో బ్లూటూత్ జాబితా తెరిచి ఈ హెడ్‌ఫోన్స్ పేరు కనిపిస్తే తీసేయండి. ఆండ్రాయిడ్‌లో పేరు పక్కన ఉన్న గేర్ గుర్తు నొక్కితే Forget అని వస్తుంది, కొన్ని కంపెనీల వాటిలో Unpair అని ఉంటుంది. ఐప్యాడ్‌లో, ఐఫోన్‌లో పేరు పక్కన చిన్న i గుర్తు నొక్కితే Forget This Device కనిపిస్తుంది. ఊరికే డిస్‌కనెక్ట్ చేస్తే సరిపోదు, మరుసటి రోజు మళ్ళీ అతుక్కుంటుంది.

తర్వాత హెడ్‌ఫోన్స్ మెమరీని కూడా తుడిచేయాలి. ఇది ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది. కొన్నిట్లో పవర్ బటన్, సౌండ్ పెంచే బటన్ రెండూ కలిపి పట్టుకోవాలి, చెవిలో పెట్టుకునే చిన్నవాటికి డబ్బా మీదున్న బటన్ పట్టుకోవాలి. పెట్టెలో వచ్చిన కాగితంలో రీసెట్ అనే చోట రాసి ఉంటుంది. ఈ పని చాలామంది వదిలేస్తారు. ఫోన్ వైపు తుడిచి, హెడ్‌ఫోన్స్ వైపు తుడవకపోతే అది ఆన్ చేసినప్పుడల్లా కాసేపు పాత పేర్ల కోసం వెతికి టైం తింటుంది.

ఇక కొత్తగా జత చేయడం. హెడ్‌ఫోన్స్ ఆన్ చేయడం వేరు, పెయిరింగ్ మోడ్‌లో పెట్టడం వేరు. ఆఫ్‌లో ఉన్నప్పుడు పవర్ బటన్ ఐదారు సెకన్లు వదలకుండా పట్టుకుంటే చాలావాటిలో లైటు రెండు రంగుల్లో మార్చి మార్చి మెరుస్తుంది, లేదా గొంతుతోనే చెప్తుంది. అప్పుడు మాత్రమే అది కొత్తవాళ్ళకి కనిపిస్తుంది. లైటు ఒకే రంగులో నెమ్మదిగా మెరుస్తుంటే అది పాత స్నేహితుల్ని వెతుక్కుంటోందని అర్థం.

క్రోమ్‌బుక్‌లో కుడివైపు కింద టైం కనిపించే చోట నొక్కండి. బ్లూటూత్ గుర్తున్న గడి కనిపిస్తుంది, దాన్ని తెరిచి Pair new device నొక్కండి. పేరు వచ్చాక దాని మీద నొక్కితే అయిపోతుంది. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో Settings తెరిచి Connected devices లోకి వెళ్తే అక్కడా Pair new device అనే ఉంటుంది. ఐప్యాడ్‌లో Settings లో Bluetooth తెరిచి ఉంచితే చాలు, కింద పేరు వచ్చి చేరుతుంది. జత చేసేటప్పుడు పక్కన ఇంకే ఫోన్‌లోనూ బ్లూటూత్ ఆన్‌లో లేకుండా చూసుకోండి. ముఖ్యంగా హెడ్‌ఫోన్స్ కంపెనీ యాప్ ఎవరి ఫోన్‌లోనైనా ఉంటే, మీకన్నా ముందు అదే పట్టేసుకుంటుంది.

జత అయిన వెంటనే పేరు మార్చమని నేను అందరికీ చెప్తాను. క్లాసులో ఒకే మోడల్ పది మందికి ఉంటే జాబితాలో పది ఒకేలాంటి పేర్లు కనిపిస్తాయి, ఎవరిది ఎవరికి కలిసిందో తెలియక గందరగోళం. ఆండ్రాయిడ్‌లో గేర్ గుర్తు నొక్కితే పెన్సిల్ బొమ్మ కనిపిస్తుంది, అక్కడ పాప పేరు పెట్టేయండి. క్రోమ్‌బుక్ బ్లూటూత్ సెట్టింగ్స్‌లోనూ పరికరం పేరు నొక్కితే మార్చుకోవచ్చు. ఆ పేరు ఆ ఒక్క పరికరంలోనే మారుతుంది, మిగతావాళ్ళ తెర మీద పాత పేరే కనిపిస్తుంది. అందుకే మొదటిసారి జత చేసేది ఇంట్లో చేయండి, క్లాసులో కాదు.

మీ ఇంట్లో పాప, బాబు ఇద్దరూ ఒకే హెడ్‌ఫోన్స్‌ని క్రోమ్‌బుక్‌కీ ట్యాబ్‌కీ మార్చి మార్చి వాడుతున్నట్టున్నారు. అలా వాడాలంటే ఒకరు వాడుతున్నప్పుడు రెండో దానిలో బ్లూటూత్ ఆఫ్ చేయడం తప్పదు. హెడ్‌ఫోన్స్ యాప్‌లో మల్టీపాయింట్ ఆపే వీలుంటే ఆపేయండి, సగం గొడవ పోతుంది. పీరియడ్‌కీ పీరియడ్‌కీ మధ్య క్రోమ్‌బుక్ మూత వేసే అలవాటు ఉంటే అది కూడా మాన్పించండి. మూత వేస్తే క్రోమ్‌బుక్ నిద్రపోతుంది, బ్లూటూత్ తెగుతుంది. మళ్ళీ తెరిచేలోపు హెడ్‌ఫోన్స్ ట్యాబ్ దగ్గరికి వెళ్ళిపోయి ఉంటుంది.

ఇప్పుడు మీరడిగిన రెండో సంగతి, డబ్బాలోంచి వచ్చినట్టుండే గొంతు. ఇది లోపం కాదు, బ్లూటూత్ పనిచేసే పద్ధతే అంత. మామూలుగా పాట వినేటప్పుడు శబ్దం ఒక్కవైపే ప్రయాణిస్తుంది, క్రోమ్‌బుక్ నుంచి చెవికి. అప్పుడు దారంతా దానిదే కాబట్టి నాణ్యత బాగుంటుంది. పాప మైక్ ఆన్ చేసిన క్షణం, హెడ్‌ఫోన్స్‌లో ఉన్న మైక్ నుంచి మాట వెనక్కి కూడా రావాలి. అందుకోసం హెడ్‌ఫోన్స్ ఫోన్ కాల్ మాట్లాడే పద్ధతికి మారిపోతుంది. అందులో రెండు చెవులకీ వేర్వేరు శబ్దం ఉండదు. పాతరకం వాటిలో సెకనుకి 8,000 నమూనాలు, కాస్త మెరుగైన వాటిలో 16,000 నమూనాలు మాత్రమే వెళ్తాయి. పాటలకైతే 44,100 పైగా ఉంటాయి.

8,000 నమూనాలంటే 4,000 హెర్ట్జ్ పైనున్న శబ్దం అసలు వినపడదు. మనిషి గొంతులో అచ్చులు దాని కిందే ఉంటాయి కాబట్టి మాట అర్థమవుతూనే ఉంటుంది. కానీ స, శ, ష లాంటి ఊదినట్టు పలికే అక్షరాల్లో చాలా భాగం దాని పైన ఉంటుంది. డిక్టేషన్ చెప్పేటప్పుడు పిల్లలు శకి స, సకి ఫ రాసేస్తున్నారంటే నేను ముందు అడిగేది "మైక్ ఏది వాడుతున్నారు" అనే. చదువు దగ్గర లోపం వెతికేముందు ఇది చూసుకోవడం మంచిది. ఇంకొకటి, ఈ మార్పు జరిగేటప్పుడు ఒకటి రెండు సెకన్లు మాట పూర్తిగా ఆగుతుంది. టీచర్ పిలిచి అడిగినప్పుడల్లా పాప మైక్ నొక్కుతుంది, ఆ క్షణంలోనే మాట పోవచ్చు. ప్రశ్నలో సగం వినపడక పాప బిక్కమొహం వేస్తే, పాఠం వినలేదేమో అని టీచర్ అనుకుంటుంది.

క్రోమ్‌బుక్‌లో దీనికి మందు తేలిక. వినడానికి హెడ్‌ఫోన్స్ ఉంచి, మాట్లాడటానికి క్రోమ్‌బుక్ సొంత మైక్ వాడండి. టైం దగ్గర నొక్కి, సౌండ్ పెంచే గీత పక్కనున్న బాణం నొక్కితే రెండు జాబితాలు వస్తాయి. వినేచోట హెడ్‌ఫోన్స్ పేరు ఉంచండి, మైక్ చోట Microphone (internal) ఎంచుకోండి. పాత వెర్షన్లలో ఈ పేరు కొద్దిగా వేరుగా ఉండొచ్చు, internal అన్న మాట చూసుకుంటే చాలు. తర్వాత క్లాసు జరిగే యాప్‌లో కూడా అదే చూసుకోవాలి. గూగుల్ మీట్‌లో అయితే మూడు చుక్కలు నొక్కి Settings, అందులో Audio తెరిస్తే Microphone, Speakers అని విడివిడిగా ఉంటాయి. హెడ్‌ఫోన్స్ కొత్తగా కలిసినప్పుడల్లా మైక్ మళ్ళీ దానికే మారిపోయే అవకాశం ఉంది కాబట్టి, మొదటి వారం క్లాసు మొదలవగానే ఒకసారి చూసుకోమని పాపకి నేర్పండి. ఆ తర్వాత ఆమెకే అలవాటైపోతుంది.

ఇందులో ఒక ఇబ్బంది ఉంది. క్రోమ్‌బుక్ మైక్ గదిలో చప్పుళ్ళన్నీ పట్టుకుంటుంది. ఫ్యాను, టీవీ, పక్కన ఆడుకునే చిన్నపిల్లలు, అన్నీ క్లాసుకి వినపడతాయి. మాట్లాడనప్పుడు మ్యూట్‌లో ఉంచడమే దారి.

ట్యాబ్‌లో మాత్రం ఈ కిటుకు పారదు, ముందే చెప్తున్నాను. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో క్లాసు యాప్ వినడాన్నీ మాట్లాడటాన్నీ కలిపి ఒక కాల్‌లాగానే చూస్తుంది. బ్లూటూత్ పేరు పక్కన గేర్ నొక్కితే Phone calls, Media audio అని రెండు స్విచ్‌లు కనిపిస్తాయి. మొదటిది ఆపితే డబ్బా గొంతు పోతుందని చాలామంది ఆపేస్తారు. చాలాసార్లు ఏమవుతుందంటే, టీచర్ గొంతు హెడ్‌ఫోన్స్‌లోంచి పోయి ట్యాబ్ స్పీకర్లోంచి గదంతా వినపడుతుంది. ఆ స్విచ్ జోలికి వెళ్ళకండి. బాబుకి ఎక్కువసేపు మాట్లాడే క్లాసులు ఉంటే, మైక్ ఉన్న తీగ హెడ్‌ఫోన్స్ వాడటమే నయం. ఎల్ఈ ఆడియో అనే కొత్త పద్ధతిలో మైక్ ఆన్‌లో ఉన్నా గొంతు బాగుంటుంది గానీ, దానికి ట్యాబ్, హెడ్‌ఫోన్స్ రెండూ తోడ్పడాలి.

ఇక చిటపటల సంగతి. ఆ ఆరో తరగతి అబ్బాయి దగ్గరికి మళ్ళీ వద్దాం. అమ్మ ఫోన్‌లోంచి, హెడ్‌ఫోన్స్‌లోంచి పాత జతలు తుడిచేశాక ఆ తెగుళ్ళన్నీ ఆగిపోయాయి. కానీ నాలుగో రోజు మళ్ళీ ఫోన్ చేశారు. ఈసారి మాట పోవడం లేదు, వాన పడుతున్న రేడియోలాగా ముక్కలవుతోంది. బొమ్మ మాత్రం సాఫీగానే ఉంది.

బ్లూటూత్, వైఫై రెండూ ఒకే సందులో నడుస్తాయని తెలిస్తే ఇది అర్థమవుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ అనే ఆ సందులో బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌కి 79 చిన్న గళ్ళు ఉంటాయి. సెకనుకి 1,600 సార్లు ఒక గడి నుంచి ఇంకో గడికి గెంతుతూ మాటని చేరవేస్తుంది. గెంతిన చోట ఎవరైనా ఉంటే ఆ ముక్క పోతుంది, మళ్ళీ పంపాలి. అదే సందులో నడిచే ఒక వైఫై రూటర్ 20 గళ్ళదాకా ఆక్రమిస్తుంది. పక్కింటివి, పైఇంటివి కలిపి మూడు రూటర్లు వేర్వేరు చోట్ల కూర్చుంటే మిగిలేవి ఇంకో 20 గళ్ళు. తెలివైన బ్లూటూత్ రద్దీ గళ్ళని వదిలేసి ఖాళీవాటిలోనే గెంతుతుంది గానీ, ఇరుకు ఇరుకే. పైగా చాలా క్రోమ్‌బుక్‌లలో, ట్యాబ్‌లలో వైఫై, బ్లూటూత్ రెండూ ఒకే చిప్పులో ఉంటాయి. వీడియో క్లాసు నడుస్తోందంటే వైఫై క్షణం ఖాళీ లేకుండా పనిచేస్తోందని అర్థం. పాట వినేటప్పుడు లేని గొడవ క్లాసులోనే ఎందుకు వస్తుందంటే కారణం ఇదే.

ఇదేనా కాదా అని తేల్చుకోవడానికి నేను చేయించే పరీక్ష ఒకటి ఉంది. క్రోమ్‌బుక్‌లో కెమెరా యాప్ తెరిచి పాప చేత ఏదైనా పాఠం పది నిమిషాలు చదివించి వీడియో తీయండి. ఆ వీడియో క్రోమ్‌బుక్‌లోనే ఉంటుంది కాబట్టి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఇప్పుడు వైఫై ఆపేసి, హెడ్‌ఫోన్స్‌లో ఆ వీడియో పూర్తిగా వినండి. ఇక్కడే చిటపటలాడితే తప్పు వైఫైది కాదు: హెడ్‌ఫోన్స్ ఛార్జింగ్, దూరం, లేదా హెడ్‌ఫోన్సే. శుభ్రంగా వినపడితే వైఫై ఆన్ చేసి, అదే క్రోమ్‌బుక్ బ్రౌజర్‌లో ఏదైనా ఇంటర్నెట్ వీడియో శబ్దం ఆపి నడిపిస్తూ, కెమెరా వీడియోనే మళ్ళీ వినండి. ఇప్పుడు ముక్కలైతే దొంగ దొరికినట్టే.

ఆ అబ్బాయి విషయంలో మొదటిది శుభ్రం, రెండోది రెండు నిమిషాలకే చిటపట. క్రోమ్‌బుక్‌లో Diagnostics అనే యాప్ ఉంటుంది, కింద ఎడమవైపు గుండ్రటి బటన్ నొక్కి ఆ పేరు వెతికితే వస్తుంది. అందులో Connectivity తెరిస్తే ఏ వైఫై ఛానెల్‌లో ఉందో కనిపిస్తుంది. 1 నుంచి 14 లోపు అంకె ఉంటే 2.4 గిగాహెర్ట్జ్, 36 దగ్గర మొదలై పైకి ఉంటే 5 గిగాహెర్ట్జ్. వాళ్ళది 6 అని ఉంది. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో వైఫై పేరు పక్కన గేర్ నొక్కితే Frequency అనే చోట తెలుస్తుంది.

వాళ్ళ రూటర్ రెండు రకాలూ ఇస్తుంది గానీ, రెండింటికీ ఒకే పేరు పెట్టి ఉంది. అలా ఉంటే ఏది పట్టుకోవాలో క్రోమ్‌బుక్కే నిర్ణయించుకుంటుంది. ఈ అబ్బాయి గది రూటర్‌కి రెండు గోడలవతల ఉంది, 5 గిగాహెర్ట్జ్ గోడలు దాటితే నీరసపడుతుంది, కాబట్టి అది 2.4 పట్టుకుంది. రూటర్ సెట్టింగ్స్‌లో 5 గిగాహెర్ట్జ్‌కి వేరే పేరు పెట్టించి, క్రోమ్‌బుక్‌ని దానికే కలిపాం. 2.4 పేరుని క్రోమ్‌బుక్‌లోంచి Forget చేశాం, లేకపోతే మళ్ళీ దానికే పోతుంది. అబ్బాయి బల్లని ఒక గోడ ఇవతలికి, హాలు మూలకి జరిపారు. ఛానెల్ 44 అయింది. అదే పరీక్ష మళ్ళీ చేస్తే పది నిమిషాల్లో ఒక్క చిటపట లేదు. ఆ తర్వాత రెండు వారాలకి అడిగితే ఛార్జింగ్ మర్చిపోయిన ఒక్క రోజు తప్ప మళ్ళీ తెగలేదన్నారు.

మీ రూటర్ 2.4 మాత్రమే ఇచ్చే పాతదైతే అంత సులువు కాదు. రూటర్ సెట్టింగ్స్‌లో ఛానెల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్ అని ఉంటే 20కి తగ్గించండి, బ్లూటూత్‌కి కాస్త చోటు దొరుకుతుంది. క్లాసు టైంలో ఇంట్లో మిగతావాళ్ళు పెద్ద డౌన్‌లోడ్‌లు ఆపితే కొంత తేడా ఉంటుంది. అంతకు మించి ఆశించకండి.

బల్ల దగ్గర చూడాల్సినవి రెండు. క్రోమ్‌బుక్‌కి యూఎస్‌బీ 3 హబ్‌గానీ హార్డ్ డిస్క్‌గానీ తగిలించి ఉంటే తీసేసి చూడండి. వాటి తీగల్లోంచి ఇదే 2.4 సందులోకి రొద వస్తుందని ఇంటెల్ కంపెనీ 2012లోనే కొలిచి చెప్పింది. పాప ట్యాబ్‌ని ఒళ్ళో పెట్టుకునో, దాని మీదకి వంగి పడుకునో వింటుంటే అది కూడా కారణమే. మన ఒంట్లో నీళ్ళు ఎక్కువ, ఈ సిగ్నల్‌ని నీళ్ళు మింగేస్తాయి. చెవిలో పెట్టుకునే చిన్నవాటితో ఇది బాగా తెలుస్తుంది. తల అటు తిప్పితే పోయి, ఇటు తిప్పితే వస్తుంటే ఇంకేమీ వెతకక్కర్లేదు.

ఆ చిన్నవాటిలో కొన్నిటికి చెవిలోంచి తీయగానే శబ్దం ఆపే సదుపాయం ఉంటుంది. జుట్టు అడ్డొచ్చినా, సరిగ్గా కూర్చోకపోయినా తీసేశారనుకుని ఆపేస్తుంది. పిల్లల చెవులు చిన్నవి కాబట్టి ఇది తరచుగా జరుగుతుంది. యాప్‌లో ఆ సదుపాయం ఆపేయండి.

స్కూలు పరికరం కాబట్టి ఒక హెచ్చరిక. బ్లూటూత్ గడే కనిపించకపోయినా, బూడిద రంగులో ఉండి నొక్కుడుపడకపోయినా, అది పాడైనట్టు కాదు. స్కూల్లో ఆ పరికరాలు చూసుకునేవాళ్ళు దూరం నుంచే బ్లూటూత్‌ని ఆపేయగలరు, కొన్ని బడులు పరీక్షల కోసం అలా ఆపుతాయి. ఇంట్లో మీరు ఏం చేసినా అది తెరుచుకోదు, వాళ్ళకే చెప్పాలి. కెమెరా యాప్, Diagnostics కూడా కొన్ని బడుల్లో మూసి ఉండొచ్చు. అప్పుడు వైఫై పరీక్షకి మీ సొంత ట్యాబ్ వాడండి. ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పారని Powerwash మాత్రం చేయకండి. అది క్రోమ్‌బుక్‌ని మొత్తం తుడిచేస్తుంది, స్కూల్ వాళ్ళు మళ్ళీ మొదటి నుంచి తమ లెక్కలో చేర్చాల్సి రావచ్చు, అందులో దాచుకున్న ఫైళ్ళు కూడా పోతాయి. బ్లూటూత్ మొండికేసి అసలు ఆన్ అవకపోతే, క్రోమ్‌బుక్ పూర్తిగా ఆపేసి, కీబోర్డు పైవరుసలో గుండ్రటి బాణం ఉన్న రిఫ్రెష్ కీ పట్టుకుని పవర్ నొక్కండి, ఆన్ అవగానే వదిలేయండి. ఇది హార్డ్‌వేర్‌ని మాత్రమే తట్టి లేపుతుంది.

ఇక క్లాసు నడుస్తుండగా తెగితే సెట్టింగ్స్ తెరిచి వెతుక్కోవద్దని పాపకి చెప్పండి. హెడ్‌ఫోన్స్ ఆపేస్తే చాలు, శబ్దం దానంతటదే క్రోమ్‌బుక్ స్పీకర్‌కి మారుతుంది, పాఠం పోదు. పది నిమిషాల విరామంలో నెమ్మదిగా కలుపుకోవచ్చు. బ్యాగులో 3.5 మిల్లీమీటర్ల తీగ ఒకటి ఉంచండి. చెవుల మీద పెట్టుకునే చాలా బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌కి ఆ రంధ్రం ఉంటుంది, తీగ గుచ్చగానే బ్లూటూత్ గొడవ లేకుండా పనిచేస్తుంది. అయితే చాలావాటిలో తీగ పెట్టాక హెడ్‌ఫోన్స్ మైక్ పనిచేయదు, క్రోమ్‌బుక్ మైకే దిక్కు. ట్యాబ్‌కి ఆ రంధ్రం లేకపోతే యూఎస్‌బీ-సీ నుంచి మార్చే చిన్న ముక్క కావాలి.

మీరు చేయాల్సిన వరుస ఇది: ముందు ఫోన్లలోంచి తుడిచి కొత్తగా జత చేయండి, తర్వాత క్రోమ్‌బుక్ మైక్‌కి మార్చండి, ఆ తర్వాతే వైఫై జోలికి వెళ్ళండి. ఒక్కోటి చేశాక ఒక పూర్తి రోజు క్లాసులు వినండి, లేకపోతే దేనివల్ల బాగుపడిందో మీకే తెలియదు. అప్పటికీ తెగుతుంటే మూడు వివరాలు ఇక్కడ రాయండి: తెగిన టైములు, Diagnostics లో కనిపించిన ఛానెల్ అంకె, వైఫై ఆపి వీడియో విన్నప్పుడు ఏమైందో. వైఫై ఆపినప్పుడు కూడా, పక్కన ఏ ఫోన్ లేకుండా, నిండా ఛార్జింగ్‌తో, మీటరు దూరంలో చిటపటలాడితే అప్పుడు హెడ్‌ఫోన్స్ మార్చమని నేనే చెప్తాను.